గ్రాంథికమా, పత్రికల తెలుగా, ఇంటి మాటా: రాయడానికి ఏది మేలు?

పంచాయతీ నోటీసు బోర్డు మీద ఇలాంటి వాక్యం చదవనివాళ్లు ఉండరు: 'పైపులైను మరమ్మత్తుల నిమిత్తం సోమవారం గ్రామంనకు నీటి సరఫరా నిలిపివేయబడును కావున ప్రజలు ఇట్టి విషయాన్ని గమనించి సహకరించవలసిందిగా కోరడమైనది.'

దీన్ని గ్రాంథికం అని తిట్టుకుంటాం. కాని ఇది గ్రాంథికం కాదు. అసలు గ్రాంథికంలో రాస్తే దాదాపు ఇలా ఉంటుంది: 'గొట్టములు బాగుచేయుచున్నందున సోమవారమున నీరు రాదు. జనులు ముందుగనే పట్టి యుంచుకొనవలయును.' పాతగా ఉంది, నిజమే. అయినా ఏం జరుగుతుందో, ఏం చేయాలో రెండు ముక్కల్లో తెలిసిపోతోంది. ఇప్పటి పత్రికల తెలుగులో అయితే: 'పైపులు బాగుచేస్తున్నాం కాబట్టి సోమవారం నీళ్లు రావు. ముందే పట్టి పెట్టుకోండి.' తెలంగాణ ఇంటి మాటలో: 'పైపులు రిపేర్ చేస్తున్నం, సోమారం నీళ్లు రావు. ముందే పట్టి పెట్టుకోండ్రి.'

ఈ మూడూ పనికొచ్చేవే. బోర్డు మీదిదే పనికిరానిది. 'గ్రామంనకు' అన్న రూపం చూడండి. గ్రాంథికంలో 'గ్రామమునకు', వ్యవహారంలో 'గ్రామానికి'. 'ము' పోయి సున్న వస్తే దాని తర్వాత విభక్తి కూడా మారాలి. ఇక్కడ మాట సగం మారి ఆగిపోయింది. 'పుస్తకంను', 'ప్రభుత్వంనకు' కూడా ఇదే బాపతు. ఎవరి నోటా రాని, ఏ వ్యాకరణమూ ఒప్పుకోని రూపాలు ఇవి. రాసినవాడికి రెండు తెలుగుల్లో ఏదీ పూర్తిగా చేతికి రాలేదని ఇవి పట్టిస్తాయి.

అంతకంటే పెద్ద లోపం క్రియల్లో ఉంది. 'నిలిపివేయబడును', 'కోరడమైనది': నీళ్లు ఆపేదెవరు, కోరేదెవరు? కర్త మాయమయ్యాడు. దాంతోపాటు అసలు సంగతీ మాయమైంది. ముందే నీళ్లు పట్టుకోమని ఆ నోటీసులో ఎక్కడా లేదు. సహకరించమంది, ఎలాగో చెప్పలేదు. రాతలో గంభీరంగా కనిపించాలన్న టెన్షన్ పెట్టుకుంటే తెలుగు వాక్యంలో మొదట జారిపోయేది ఇదే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. చిన్నయ సూరి 'బాలవ్యాకరణం' 19వ శతాబ్దం మధ్యలో వచ్చాక పాఠ్యపుస్తకాల వచనం ఆ కొలతకే నడిచింది. ఆ నియమాలు ప్రధానంగా కావ్యభాషలోంచి తీసినవి. వచనం రాసేవాడు ఎవరూ మాట్లాడని భాషను నేర్చుకుని రాయాల్సి వచ్చింది. వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి (1863-1940) వాదంలో నాకు బాగా నచ్చేది ఇక్కడే. గ్రాంథికం కష్టమని చెప్పి ఊరుకోలేదాయన. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి, ఇది మీకే రావడం లేదు కదా అని చూపించాడు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఈ పోరులోదే. అయినా చదువుల్లోనూ పత్రికల్లోనూ గ్రాంథికం ఇంకా చాలా ఏళ్లు నిలిచింది.

అలాగని గ్రాంథికానికి మేలు అన్నదే లేదనను. అది ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి ఏ జిల్లాదీ కాదు. గుంటూరువాడూ కరీంనగర్‌వాడూ దాన్ని సమానంగా కష్టపడి నేర్చుకోవాల్సిందే. పద్యానికీ పౌరాణిక నాటకానికీ దాని బిగువు ఇప్పటికీ అక్కరకొస్తుంది. రోజువారీ వచనానికి మాత్రం దాన్ని తూచాల్సిన అవసరం ఇక లేదు. పూర్తిగా రాయగలిగేవాళ్లే దాదాపు లేరు.

దాని స్థానంలోకి వచ్చిన శిష్ట వ్యావహారికం, అంటే పత్రికల తెలుగు, నోటికి దగ్గర. కాని ఎవరి నోటికి? దాని క్రియారూపాలు ఎక్కువగా కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల చదువుకున్నవాళ్లవి. 'చేశాడు' వాళ్ల మాట. రాయలసీమలో 'చేసినాడు' అంటారు, తెలంగాణలో 'చేసిండు' అంటారు. 'చేసినాడు' పాత కావ్యాల్లోనూ ఉన్నదే. అయినా బడిలో 'చేశాడు' ఒప్పయింది, మిగతావి యాసలయ్యాయి. గ్రాంథికం పోయాక రాతకూ నోటికీ మధ్య దూరం కొందరికి బాగా తగ్గింది, కొందరికి కొంతే తగ్గింది.

మరి ఎవరి ఇంటి మాటలో వాళ్లు రాసుకుంటే? మనసుకు నచ్చే దారి ఇదే, కాని ఇందులో లిపి అడ్డుపడుతుంది. 'వచ్చాడు'లో చాలామంది పలికే అచ్చు ఆ కాదు, ఏ కాదు, రెండింటి మధ్యది. దానికి మనకు అక్షరం లేదు. అందుకే ఒకే ధ్వనిని కొందరు 'వచ్చాడు' అనీ కొందరు 'వచ్చేడు' అనీ రాశారు. తెలంగాణ 'నేను పోతున్న' నోటితో అంటే తికమక లేదు. కాగితం మీద 'నేను ఊరికి పోతున్న' అని పంక్తి ఆగితే, పాఠకుడు 'పోతున్న బస్సు' లాంటిదేదో వస్తుందని ఎదురుచూస్తాడు. మాటలో స్వరం చేసే పనిని రాతలో వాక్యం కట్టుబడి చేయాలి: 'పోతున్న' దగ్గర చుక్క పెట్టి వాక్యం ముగించాలి. ఇంటి మాట రాయడమంటే విన్నది విన్నట్టు దించడం కాదు.

నా తూకం ఇది. నోటీసు, వార్త, వ్యాసం లాంటివి నాలుగు ప్రాంతాలవాళ్లు చదివేవి కాబట్టి పత్రికల తెలుగే మేలు. క్రియలు దానివే ఉంచి, పదాలు మాత్రం ఇంటివి వాడొచ్చు. అలా రాసేటప్పుడు 'మరియు', 'యొక్క' చాలావరకు అక్కర్లేదు. నోటితో 'రాముడు మరియు సీత' అనం, 'రాముడూ సీతా' అని చివరి అచ్చు సాగదీస్తాం. ఆ సాగదీతను లిపి చక్కగా పట్టుకుంటుంది. 'రైతు యొక్క పొలం' కంటే 'రైతు పొలం'లో తక్కువేమీ లేదు. 'బడు' కనిపించిన ప్రతిచోటా ఎవరు చేస్తున్నారో వెతికి రాస్తే, రాయాల్సిన సంగతి ఇంకేం మిగిలిపోయిందో కూడా బయటపడుతుంది.

కథలో మాత్రం ఈ తూకం పనిచేయదు. మనవాళ్లకు అలవాటైన పద్ధతి ఒకటుంది: కథనం పత్రికల తెలుగులో, సంభాషణ యాసలో. నాటకంలో ఎవరి మాట వారిదే కాబట్టి చిక్కు లేదు. 'కన్యాశుల్కం'లో ఒక్కో పాత్రకు ఒక్కో తెలుగు. కథలో అలా కాదు. 'వాడు కోపంగా చూశాడు' అని రచయిత తన తెలుగులో చెప్పి, వెంటనే 'నువ్వెవర్రా చెప్పనీకి' అని పాత్రచేత పలికిస్తే, చెప్పేవాడు పీట మీద, మాట్లాడేవాడు కింద కూర్చున్నట్టవుతుంది. చదువుకున్న పాత్రలకు పత్రికల తెలుగూ, పనివాళ్లకు యాసా ఇచ్చే కథల్లో ఇది మరీ ఎబ్బెట్టు. కథ చెప్పేది ఆ ఊరి మనిషే అయితే కథనమూ 'చూసిండు' అనే నడవాలి. మొదటి రెండు పేజీలు పక్క ప్రాంతం పాఠకుడు కాస్త తడబడతాడు, తర్వాత అలవాటు పడతాడు. చెప్పేవాడు నిజంగానే బయటివాడైతే 'చూశాడు' ఉండనివ్వండి. అప్పుడా దూరం కథలోని సంగతే అవుతుంది, రచయిత అజాగ్రత్త కాదు.