ఎత్తు తక్కువ ఫ్లాట్‌లో కోవ్ లైటింగ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మియాపూర్‌లోని మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో టైల్స్ మీది నుంచి శ్లాబ్ అడుగు దాకా ఎత్తు 9 అడుగుల 2 అంగుళాలు. నాలుగేళ్ల క్రితం హాలులో కోవ్ లైటింగ్‌తో, అంటే అంచు వెనుక దాచిన స్ట్రిప్ లైటు వెలుగు శ్లాబ్ మీద పడేలా, ఫాల్స్ సీలింగ్ చేయించుకుని, పడకగదులు రెండింటిలోనూ వద్దనుకున్నాము. ఈ రెండు నిర్ణయాల విషయంలోనూ నాకు విచారం లేదు. కానీ హాలులో మొదట కట్టిన పద్ధతి తప్పు కావడంతో, రెండు వైపులు విప్పించి మళ్లీ చేయించవలసి వచ్చింది.

నివాస గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే దాదాపు 9 అడుగుల ఎత్తు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మా శ్లాబ్ ఆ హద్దుకు రెండంగుళాలు మాత్రమే పైన ఉంది కనుక గది మొత్తానికి సీలింగ్ దించే ఆలోచనను మొదటే వదిలేశాము. మధ్యలో శ్లాబ్‌ను అలాగే ఉంచి, గోడల వెంట 15 అంగుళాల వెడల్పున జిప్సం బోర్డు పట్టీ మాత్రమే కట్టించాము. పని మొదలుపెట్టే ముందు ఎత్తును ఒక్క చోట కాక, నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ కొలవాలి. మా హాలులో కిటికీ వైపుకూ వంటగది వైపుకూ ముప్పావు అంగుళం తేడా వచ్చింది. లెక్క అంతా అతి తక్కువ కొలత మీదే వేసుకోవాలి.

తప్పు జరిగింది సందు దగ్గర. ఎత్తు పోకూడదన్న ఆదుర్దాతో పట్టీని 5 అంగుళాలే దించమన్నాను. అందులో ఫ్రేమ్‌కూ బోర్డుకూ కలిపి అంగుళంన్నర, స్ట్రిప్ లైటు కంటికి కనబడకుండా కట్టిన అంచుకు మరో అంగుళంన్నర పోగా, ఆ అంచుకూ శ్లాబ్‌కూ మధ్య రెండంగుళాల సందే మిగిలింది. లైటు వేస్తే అంచు పక్కనే కళ్లు చెదిరే తెల్లని గీత పడి, గది మధ్యలో చీకటిగా ఉండేది. పైగా ఆ సందులోకి చేయి దూరదు కనుక స్ట్రిప్ మార్చాలన్నా దుమ్ము తుడవాలన్నా వీలు కాదు. రెండోసారి దింపుడు 7 అంగుళాలకు పెంచి, సందును 4 అంగుళాలు చేశాము. వెలుగు శ్లాబ్ మీద నెమ్మదిగా పలచబడుతూ మధ్య దాకా వచ్చింది. పట్టీ కింద ఇప్పుడు ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. అది గోడల పక్కనే కాబట్టి గది అణగినట్టు అనిపించదు. నాలుగంగుళాల సందు ఇవ్వలేని చోట కోవ్ లైటింగ్ పెట్టించకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

మేస్త్రీలు ముందుగా చెప్పని విషయం మరొకటి ఉంది. కోవ్ వెలుగు శ్లాబ్‌ను పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. మామూలు ట్యూబులైటు కింద నున్నగా కనిపించే పుట్టీలోని ప్రతి గరిటె గీతా, ప్రతి గుంటా దాని కింద నీడలై తేలుతాయి. అందువల్ల స్ట్రిప్‌ను తాత్కాలికంగా వెలిగించి ఉంచి, ఆ వెలుగులోనే పుట్టీ రుద్దించి, మెరుపు లేని తెల్లరంగు వేయించాలి. ఫ్యాను రెక్కల ఎత్తునూ అప్పుడే చూసుకోవాలి. పొట్టి రాడ్‌తో బిగించిన మా ఫ్యాను రెక్కలు వెలుగు దారిలోకి వచ్చి, శ్లాబ్ మీద నీడలు గిరగిరా తిరిగేవి. రెక్కలు పట్టీ అడుగుకన్నా కిందికి, అంటే శ్లాబ్‌కు అడుగు దిగువకు వచ్చేలా రాడ్ మార్చాక ఆ ఇబ్బంది పోయింది. గాలీ మెరుగైంది.

ఈ నాలుగేళ్లలో స్ట్రిప్ లైటుకు కరెంటు అందించే డ్రైవర్ ఒకటి పాడైంది. దాన్ని పట్టీ లోపల మూసేయకుండా, టీవీ యూనిట్ పైన చేతికందే చోట పెట్టించాము కనుక పది నిమిషాల్లో మార్చుకోగలిగాము. సందులో పేరుకునే దుమ్మును మాత్రం రెండు మూడు నెలలకొకసారి తుడవక తప్పదు. తుడవకపోతే వెలుగు తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది.

పడకగదుల్లో వద్దనుకోవడానికి కారణాలు వేరు. ఒకదాంట్లో శ్లాబ్‌కు అడుగు కిందికి దిగిన బీము గదిని అడ్డంగా కోస్తుంది. పట్టీ ఆ బీము దగ్గర ఆగిపోవాలి, లేదా బీమును కప్పేంతగా దిగాలి. రెండూ బాగుండవు. రెండో గదిలో ఒక మూలకు పైన పై ఇంటివారి స్నానాలగది ఉంది. అక్కడ నీరు కారడం మొదలైతే, బోర్డు ఉబ్బి మరక పడేదాకా మనకు తెలియదు. ఈ ఏడాది వానాకాలంలో ఆ మూల శ్లాబ్ మీద చెమ్మ కనిపించింది. ఫాల్స్ సీలింగ్ లేనందువల్లే మరుసటి రోజే పై ఇంటివారికి చెప్పి పైపు బాగుచేయించగలిగాము. ఆ రెండు గదుల్లోనూ మెత్తని వెలుగు కోసం పరదాల పెట్టె లోపల స్ట్రిప్ లైటును గోడ వైపు తిప్పి పెట్టాము. దానికి శ్లాబ్ నుంచి ఒక్క అంగుళం ఎత్తు కూడా పోలేదు.