ఖాతాలో తొమ్మిది వేలే ఉన్నా డబ్బులు వెనక్కి పోయాయి

పోయినేడు జులైలో ఫోన్‌లోనే సేవింగ్స్ ఖాతా తెరిచాను. ఆధార్ నంబరు, ఓటీపీ, పాన్ నంబరు ఇస్తే పది నిమిషాల్లో ఖాతా నంబరు చేతికొచ్చింది. పొదలకూరు దగ్గర మా ఊరి రచ్చబండ మీద కనిపించిన వాళ్లందరికీ, బ్యాంకుకు పోయి టోకెన్ పట్టుకుని కూర్చునే రోజులు పోయాయని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించి చెప్పుకోవాలి.

యాప్ గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. డబ్బు పంపడం, కరెంటు బిల్లు కట్టడం అన్నీ సాఫీగానే సాగాయి. నా కోపమంతా ఒక్క దాని మీదే. ఈ ఖాతాలోకి ఏడాదిలో ఇంతవరకు ఎంత డబ్బు వచ్చింది, ఇంకెంత రావచ్చు అన్నది యాప్‌లో ఎక్కడా కనిపించదు.

మార్చి రెండో వారంలో నిమ్మకాయలు మార్కెట్‌కు వేశాను. ఎండలు ముదిరే కాలం కాబట్టి ధర కాస్త లేచింది. కమీషన్ కొట్టాయన 27,200 రూపాయలు నా ఖాతాకు పంపాడు. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, "ఏంది అబ్బాయా, నీ డబ్బులు తిరిగి నా ఖాతాకే వచ్చినాయి, ఖాతా మూసేశావా ఏంది?" అన్నాడు. యాప్ తెరిచి చూస్తే బ్యాలెన్స్ తొమ్మిది వేల చిల్లర చక్కగా కనబడుతోంది. రావాల్సిన నోటీసు ఏదీ లేదు. ఆయన మళ్లీ పంపినా అదే కథ. ఆ రాత్రంతా టెన్షన్.

మరుసటి రోజు కస్టమర్ కేర్‌లో అసలు సంగతి తెలిసింది. జులైలో పూర్తి కేవైసీకి, అంటే గుర్తింపు తనిఖీకి, వీడియో కాల్ చేయమని యాప్ అడిగినప్పుడు "తర్వాత" అన్న బటన్ నొక్కాను. అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది, అధికారులు లైన్లో లేరు. అలా కేవలం ఆధార్ ఓటీపీతో, ఎవరికీ ముఖం చూపించకుండా తెరిచిన ఖాతాకు రిజర్వ్ బ్యాంక్ పెట్టిన హద్దులు ఉన్నాయి. ఏ సమయంలోనూ నిల్వ లక్ష దాటకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో లోపలికి వచ్చే మొత్తం రెండు లక్షలు దాటకూడదు. ఏడాది లోపల పూర్తి కేవైసీ చేయకపోతే ఖాతా మూసేస్తారు.

లక్ష అన్న మాట గుర్తుంది. నా దగ్గర ఎప్పుడూ అంత నిల్వ ఉండదు కాబట్టి పట్టించుకోలేదు. తల తిన్నది రెండో హద్దు. అది నిల్వ లెక్క కాదు, రాక లెక్క. వచ్చిన డబ్బు వచ్చినట్టే ఖర్చయిపోయినా, వచ్చిందన్న లెక్క అలాగే ఉండిపోతుంది.

స్టేట్‌మెంట్ దించుకుని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఖాతా తెరిచేటప్పుడు పాత ఖాతా నుంచి వేసుకున్నవి 5,000. ఆగస్టు, సెప్టెంబరు కాయల డబ్బు 61,300. బోరుకు కొత్త మోటారు కొనడానికి నా పాత ఖాతా నుంచే నేను పంపుకున్నవి 50,000. ఆ మోటారుతోపాటు కొన్న పైపులు సైజు కుదరక వాపస్ ఇస్తే కొట్టువాడు తిరిగి పంపినవి 18,500. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాయల డబ్బు 48,700. మొత్తం 1,83,500. అంటే ఇంకా 16,500కే చోటు ఉంది, కొట్టాయన పంపింది 27,200. నా సొంత డబ్బు ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకున్నదీ, వాపస్ వచ్చినదీ కూడా లెక్కలో పడ్డాయి. అవి రెండూ లేకపోతే నాకు ఏ ఇబ్బందీ వచ్చేది కాదు.

మా పిన్ని కొడుకు, "ఏప్రిల్ ఒకటిన లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందిలే, రెండు వారాలు ఆగన్నా" అన్నాడు. వాడు చెప్పింది సగం నిజమే. రెండు లక్షల లెక్క ఏప్రిల్‌లో కొత్తగా మొదలవుతుంది. కానీ ఏడాది గడువు ఖాతా తెరిచిన రోజు నుంచి నడుస్తుంది, అది జులైలో తీరిపోతుంది. ఇంకా ఆగడం దేనికని వీడియో కాల్‌కే సిద్ధపడ్డాను.

మొదటిసారి తోటలో చెట్టు కింద నిలబడి చేశాను. సగంలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలిస్తే ఆగిన చోటి నుంచి మొదలు పెడతారనుకున్నాను. అలా కుదరదట, తెగిపోయిన కాల్ రద్దయినట్టే, మొదటి నుంచీ కొత్తగా చేయాలి.

రెండోసారి ఇంట్లో కూర్చుని చేశాను. కాల్ బాగానే నడిచింది. పాన్ కార్డు చూపించమంటే నెట్ సెంటర్లో ప్రింట్ తీయించి లామినేషన్ చేయించినది చూపించాను. అటువైపు అమ్మాయి మర్యాదగానే, "సార్, ఇది ఈ-పాన్ ప్రింట్, చెల్లదు, ఒరిజినల్ కార్డు ఉంటేనే" అంది. ఈ-పాన్‌ను ఫైల్ రూపంలో తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది, కాగితం మీది ప్రింట్‌కు మాత్రం లేదు. నా యాప్‌లో ఫైల్ పెట్టే చోటు కనపడలేదు. కార్డు పోయిందనుకుని 50 రూపాయలు కట్టి మళ్లీ తెప్పించుకుందామనుకున్నాను. చివరికి సొసైటీ పంట రుణం పాస్‌బుక్కు అట్టలో దొరికింది. నాలుగేళ్లుగా అక్కడే ఉంది.

మూడోసారి కుదిరింది. కిటికీ వెనక కాకుండా ఎదురుగా ఉండేలా కూర్చున్నాను, ముందుసారి ముఖం నల్లగా పడిందని ఆమె చెప్పింది కాబట్టి. లొకేషన్ ఆన్ చేయమన్నారు. దేశంలోనే ఉన్నామా లేదా అన్నది అందులోనే చూస్తారు. ఆధార్ ఓటీపీ, కార్డు ముందూ వెనకా, తెల్ల కాగితం మీద సంతకం, ఏం పని చేస్తారు, ఏడాదికి ఎంత వస్తుంది అన్న ప్రశ్నలు. అంతా ఏడు నిమిషాలు, తెలుగులోనే. నిజం చెప్పాలంటే ఈ భాగం నాకు నచ్చింది, బ్రాంచిలో ఇంత ఓపికగా ఎవరూ మాట్లాడరు.

కాల్ అయిపోగానే హద్దు ఎత్తేస్తారని అనుకుంటే మాత్రం పొరపాటే. ఆ రికార్డింగ్‌ను బ్యాంకులోనే ఇంకొకరు తనిఖీ చేయాలి, అప్పుడే చెల్లుబాటు. నాకు రెండు పనిదినాలు పట్టింది. మూడో రోజు మెసేజ్ వచ్చింది, కొట్టాయనకు ఫోన్ చేస్తే ఆ 27,200 పది నిమిషాల్లో పడింది. బ్రాంచికి పోయి కేవైసీ ఇచ్చినట్టే దీన్నీ లెక్కవేస్తారు, కాబట్టి ఆ రెండు హద్దులూ, ఏడాది గడువూ ఇప్పుడు లేవు. కనీస నిల్వ ఏమైనా మొదలవుతుందా అని కాల్‌లోనే అడిగాను, నా రకం ఖాతాకు లేదన్నారు. ఇది బ్యాంకును బట్టి, ఖాతా రకాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీరూ అడగండి.

నెల జీతం తప్ప వేరే రాబడి లేనివాళ్లకు కూడా వీడియో కాల్ మొదటి రోజే చేయమని చెబుతాను, నెలకు 17 వేలు పడినా ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. నాలాగా కాయల డబ్బు ఒకేసారి వచ్చేవాళ్లకైతే ఇంకా త్వరగా తగులుతుంది. నేను పొదలకూరు బ్రాంచిలోని పాత ఖాతా మూయలేదు, పంట రుణం దాని మీదే ఉంది. పోయిన వారం మా బావమరిది కూడా ఇలాంటి ఖాతా తెరిచాడు. వీడియో కాల్ ఇంకా చేయలేదట. వాడి యాప్‌లో కూడా వెతికి చూశాను, ఎంత వచ్చిందన్న లెక్క అందులోనూ లేదు.