రష్యన్ కథ ప్రూఫ్‌రీడింగ్‌కి ముందే డబ్బు కట్టకండి, నేను మోసపోయాను

రష్యాలో ఉంటున్న మన తెలుగువాళ్లు, ముఖ్యంగా పిల్లల్ని రష్యన్ స్కూళ్లలో చదివిస్తున్నవాళ్లు కాస్త చూడండి.

కజాన్‌లో మా పక్క ఫ్లాట్ అమ్మాయికి పదిహేనేళ్లు. స్కూల్ పోటీకి కథ రాసింది, ఖాళీలతో కలిపి 12 వేల అక్షరాలు. కథ చాలా బాగుంది కానీ సంభాషణల్లో గీతలు, పేరాలు కలగాపులగంగా ఉన్నాయి. సరిచేయిస్తానని నేనే మాటిచ్చి, ఆన్‌లైన్‌లో దొరికిన ఒక కరెక్టర్‌కి 1,500 రూబుళ్లు ముందే పంపాను.

రష్యన్ కథల్లో పాత్ర మాట్లాడితే మామూలుగా కొత్త పేరా మొదలుపెట్టి, ముందు పొడవు గీత గీసి, ఒక ఖాళీ వదిలి మాట రాస్తారు. ఆ గీత పేరు తిరే. ఒకే మాటలోని రెండు ముక్కల్ని కలిపే పొట్టి గీత వేరు, అది దెఫీస్. అమ్మాయి ఫోన్‌లో టైప్ చేయడంతో అన్నిచోట్లా పొట్టి గీతే పడింది. ఆ కరెక్టర్ కథ చదివినట్టే లేదు. Ctrl+H నొక్కి పొట్టి గీతలన్నిటినీ ఒకేసారి పొడవు గీతలుగా మార్చినట్టుంది. ‘ఎవరో’ అని అర్థమిచ్చే ‘క్తో-తో’ కాస్తా ‘క్తో — తో’ అయింది. ‘ఇజ్-జా’ కూడా అంతే. ఇలాంటివి ముప్పైకి పైగా లెక్కపెట్టాను.

ఇంకోటి చూడండి. తెలుగులో చెప్తాను:

— ఎక్కడున్నావ్? — అడిగింది అమ్మ.
— పద. — అమ్మ లేచింది.

మొదటిదాంట్లో ప్రశ్న గుర్తు పడినా వాక్యం అయిపోలేదు, ‘అడిగింది’ అన్నది ఆ మాటకే అతుక్కుని ఉంది. అందుకే రష్యన్‌లో దాన్ని చిన్నక్షరంతో మొదలుపెట్టాలి. రెండోదాంట్లో అమ్మ లేవడం వేరే పని, కాబట్టి చుక్క పెట్టి, పెద్దక్షరంతో రాయాలి. ఈ తేడా చదివితేనే తెలుస్తుంది. మాకు వచ్చిన ఫైల్లో రెండుచోట్లా పెద్దక్షరమే. పైగా తల్లీకూతుళ్ల మాటలు ఒకే పేరాలో కలిసిపోయి, ఎవరు ఏమన్నారో తెలియకుండా పోయింది. అమ్మాయి అది చూసి ఏడ్చేసింది.

డబ్బు వెనక్కి అడిగితే ‘గీతలన్నీ మార్చాను కదా’ అని జవాబు, ఆ తర్వాత మెసేజ్‌లకి పలకలేదు.

మీరు ఎవరికైనా ఇస్తే ముందు అర పేజీ శాంపిల్ చేయించండి. ఆ అర పేజీలో ‘క్తో-తో’ లాంటి మాట ఒకటి, ప్రశ్న గుర్తుతో ముగిసే సంభాషణ ఒకటి ఉండేలా చూసుకోండి. ఫైల్ ట్రాక్ ఛేంజెస్‌తోనే అడగండి, ఏ గీత ఎక్కడ మారిందో కళ్లకి కనిపిస్తుంది. మా దగ్గర పాత ఫైల్ ఉండబట్టి సరిపోయింది. నేనూ ఆ అమ్మాయీ మూడు సాయంత్రాలు కూర్చుని, గీత తర్వాత గీత చేత్తోనే దిద్దుకున్నాం.