మిక్సీ లిస్టింగ్‌కి ఏ వీడియో మేలు: స్టూడియోలో తీసిందా, వంటింట్లో తీసిందా?

బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట వైపు వంటింటి సామాన్ల షాపులు నడుపుతూ ఆన్‌లైన్‌లో కూడా అమ్మేవాళ్లు ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. లిస్టింగ్ పేజీలో వీడియో పెట్టాలని అందరికీ తెలుసు. ఆ వీడియో స్టూడియోలో లైట్లు పెట్టి తీయించాలా, ఇంట్లో గట్టు మీద మిక్సీ పెట్టి ఫోన్‌తో తీసుకుంటే చాలా అన్నదే సందేహం. అన్ని వస్తువులకూ ఒకే సమాధానం చెప్పలేను కాబట్టి 750 వాట్ల మిక్సీ ఒక్కదాన్ని తీసుకుని చెబుతాను. మన వైపు ఎక్కువగా అమ్ముడయ్యేదీ, ఎక్కువగా వెనక్కి వచ్చేదీ అదే.

ముందు స్టూడియో వీడియో సంగతి. అది చేసే పని అది బాగానే చేస్తుంది. స్టీలు జార్ మెరుపు, బాడీ రంగు, నాబ్ తిప్పినప్పుడు కనిపించే నాణ్యత, ఇవన్నీ మంచి లైటులోనే తెలుస్తాయి. పది మిక్సీలు వరసగా చూస్తున్న మనిషి వేలు ఆగాలంటే ఆ మెరుపు కావాలి. పెళ్లికో గృహప్రవేశానికో కానుకగా ఇచ్చే ఖరీదైన మోడల్ అయితే నేనే స్టూడియోకి వెళ్లమంటాను.

ఇబ్బంది ఎక్కడంటే, స్టూడియో వీడియోలో జార్ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. లెన్స్ దగ్గరగా పెట్టి, వైడ్‌లో, కింది నుంచి పైకి తీస్తారు. పక్కన కొలతకు ఏ వస్తువూ ఉండదు. మినప్పప్పు పడుతుంది, కట్ అవుతుంది, వెన్నలాంటి పిండి జారుతుంది. ఆ రెండు షాట్ల మధ్య ఎంత సేపు పట్టిందో, ఎంత పప్పు వేశారో, ఎన్ని నీళ్లు పోశారో తెలియదు. కొనేవాళ్లు అడిగేదేమో సరిగ్గా అదే. ప్రశ్నల పెట్టెలో ఏ మిక్సీ కింద చూసినా అవే ఉంటాయి: దోసెల పిండి ఎంత వరకు వేయొచ్చు, ఎండుమిర్చి కారం ఆడుతుందా, గోంగూర పచ్చడికి చిన్న జార్ సరిపోతుందా, శబ్దం ఎంత వస్తుంది.

వంటింటి వీడియో వీటికి సమాధానం చెప్పగలదు, కాకపోతే తీసే పద్ధతి ఉంది. 1.5 లీటర్ల జార్ అంటే అంచు వరకు కొలిచిన లెక్క. రుబ్బడానికి పనికొచ్చేది సుమారు మూడింట రెండు వంతులే. 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసుతో ఒక గ్లాసు పొడి మినప్పప్పు నానబెడితే దాదాపు రెండు గ్లాసులవుతుంది. అది ఆ జార్‌లో హాయిగా తిరుగుతుంది. రెండు గ్లాసుల పప్పు వేస్తే నీళ్లతో కలిపి లీటరు దాటుతుంది, పిండి మూత దాకా ఎగదన్నుతుంది. ఆ గ్లాసును జార్ పక్కనే పెట్టి, పప్పు కొలిచి పోయడం దగ్గర నుంచి పిండి చేతిలోకి తీసుకోవడం దాకా ఒకే షాట్‌లో తీయాలి. నిడివి పెరిగితే మధ్య భాగాన్ని వేగంగా నడపొచ్చు, కానీ ఫ్రేములో గోడ గడియారమో ఫోన్‌లో టైమరో కనపడుతూ ఉండాలి.

శబ్దం విషయంలో చాలామందికి తెలియని చిక్కొకటి ఉంది. ఫోన్ పెద్ద శబ్దాన్ని తనంతట తానే తగ్గించి రికార్డు చేస్తుంది. అందుకని వీడియోలో విన్న మిక్సీ ఇంట్లో విన్నదానికంటే నెమ్మదిగా అనిపిస్తుంది, పెట్టె తెరిచాక శబ్దం ఎక్కువని తిప్పి పంపుతారు. మిక్సీ నడుస్తుండగా పక్కన ఒక మనిషి మామూలుగా మాట్లాడి, తర్వాత గొంతు పెంచి మాట్లాడితే చూసేవాళ్లకు పోలిక దొరుకుతుంది. ఆ మాట వినపడాలంటే ఎంత గట్టిగా అరవాల్సి వచ్చిందో చూస్తే మిక్సీ శబ్దం ఎంతో అర్థమవుతుంది.

ఇంతవరకు రెండింటికీ చెరో బలం ఉంది. నా లెక్కలో తేల్చేది వేరే విషయం: మిక్సీ చేయలేనిదాన్ని వీడియో చూపిస్తుందా లేదా అన్నది.

వెనక్కి వచ్చిన మిక్సీ పెట్టె ఒకటి తెరిచి చూడండి. కారణం దగ్గర పనిచేయడం లేదు అని ఉంటుంది. పెద్ద జార్ బ్లేడు కింద మినప్పిండి గట్టిగా ఎండి అంటుకుని ఉంటుంది. మిక్సీని బోర్లిస్తే అడుగున చిన్న ఎర్ర బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని వేలితో లోపలికి నొక్కి ప్లగ్ పెడితే మిక్సీ నిక్షేపంగా తిరుగుతుంది. జరిగింది ఇంతే: గట్టి పిండి నిండుగా వేశారు, మోటారు మీద భారం పడింది, కాలిపోకుండా ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటు ఆపేసింది. కొన్నవాళ్లు అది పాడైపోయిందనుకున్నారు. రానుపోను ఛార్జీలు అమ్మినవాళ్ల మీద పడ్డాయి. పిండి అంటిన జార్‌ని మళ్లీ కొత్తదిగా అమ్మడానికి వీల్లేదు. ఏ లోపమూ లేని వస్తువు సెకండ్స్ కింద పోయింది.

ఈ ఒక్క రిటర్న్‌ని ఆపే వీడియో 45 సెకన్లలో అయిపోతుంది. జార్‌లో పిండి కావాలనే ఎక్కువ వేయండి, నీళ్లు తక్కువ పోయండి. మోటారు గొంతు మారి బరువుగా మూలుగుతుంది, తర్వాత ఆగిపోతుంది. మొదటి మూడు సెకన్లలో ఇదే కనపడాలి, దాని మీద పెద్ద అక్షరాల్లో ‘ఆగింది, పాడవలేదు’ అని ఉండాలి. ఆ తర్వాత నాబ్ సున్నాకి తిప్పడం, ప్లగ్ తీయడం, జార్ తీసి పక్కన పెట్టడం. మోటారు చల్లారడానికి ఐదు నిమిషాలు వదలాలి. ఈ ఒక్క చోట కట్ చేయొచ్చు, అటూ ఇటూ గడియారం చూపిస్తే చాలు. తర్వాత మిక్సీని పక్కకు వంచి ఎర్ర బటన్ నొక్కడం, పిండి సగం తీసేయడం, కొంచెం నీళ్లు చిలకరించడం, మళ్లీ ఒకటో స్పీడులో మొదలుపెట్టడం. చివర్లో అడుగున అంటించిన పట్టీని దగ్గరగా చూపించాలి. చాలా మిక్సీల రేటింగ్ 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపే పద్ధతిలో ఉంటుంది, ఆ సంగతి పట్టీ మీదే రాసి ఉంటుంది.

ఈ మాట చెప్పినప్పుడు ఒక షాపు యజమాని, ‘అదేంటండీ, మన మిక్సీ ఆగిపోవడం మనమే చూపిస్తే ఎవరు కొంటారు?’ అన్నారు. భయం న్యాయమైనదే. రోజూ రెండు గ్లాసుల పప్పు రుబ్బుకునే పెద్ద కుటుంబం ఈ వీడియో చూసి ఈ మిక్సీ కొనదు, వెట్ గ్రైండర్ వైపు పోతుంది. పోనివ్వండి. ఆ ఇంటికి ఈ మిక్సీ పంపినా వారంలో తిరిగి వచ్చేదే. కొనే నలుగురికి మాత్రం ఎంత వేయాలో, ఆగితే ఏం చేయాలో తెలిసి ఉంటుంది. ఆగిన రోజున ఆర్డర్ల పేజీ నుంచి లిస్టింగ్‌లోకి వెళ్లి అదే వీడియో మళ్లీ చూసుకుంటారు. స్టూడియో వాళ్లు ఈ షాట్ తీయలేక కాదు, అంత ఖర్చు పెట్టి తీయించేటప్పుడు వస్తువు ఆగిపోయే దృశ్యం అడగడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే నా ఓటు వంటింటి వీడియోకే.

ఎండుమిర్చికీ ఇదే సూత్రం. ఎండలో గలగలలాడేలా ఎండిన మిర్చి డ్రై జార్‌లో చక్కగా కారమవుతుంది. మెత్తబడిన మిర్చి బ్లేడు చుట్టూ ముద్దగా పట్టుకుంటుంది. గుంటూరులో ఈ తేడా ఎవరికీ చెప్పనక్కర్లేదు, కానీ లిస్టింగ్ చూసేది దేశమంతా. రెండు మిర్చీలనీ పక్కపక్కన విరిచి చూపించండి, ఒకటి పుటుక్కున విరుగుతుంది, ఇంకోటి వంగుతుంది. మాటల అవసరం ఉండదు. వీడియోలు చాలాసార్లు శబ్దం లేకుండానే మొదలవుతాయి కాబట్టి చేతి పనే అర్థం చెప్పేలా తీయడం అన్ని విధాలా మంచిది.

వాసన ఒక్కటి వీడియోకి చిక్కదు. కొత్త మోటారు వైండింగ్ మీది వార్నిష్ వేడెక్కి మొదటి కొన్నిసార్లు కాలిన వాసన వేస్తుంది, తర్వాత పోతుంది. ఇది రాసి చూపించాల్సిందే. పొగ వచ్చినా, వాడుతున్నకొద్దీ వాసన తగ్గకపోయినా అది నిజంగా లోపమే, తిప్పి పంపమని కూడా అక్కడే రాయండి.

ఫొటోలను వరసగా కదిలించి పాట వేసే స్లైడ్ షోలు దండగ, ఫొటోలు ఎలాగూ పక్కనే ఉన్నాయి. పెట్టెలో పెట్టే క్యూఆర్ కాగితం మంచిదే కానీ కొనేముందు సందేహానికి అది పనికిరాదు. కొన్నవాళ్లు పెట్టే వీడియోలు వస్తే సంతోషం, మన చేతిలో లేనివి. ఏది తీసినా వీడియోలో ధర, ఆఫరు, ఫోన్ నంబరు పెట్టకండి. పెద్ద సైట్లలో అలాంటివి తిరస్కరిస్తారు.

పని చేసిందో లేదో చూసుకోవడానికి మొత్తం రిటర్న్‌ల సంఖ్య చూస్తే మోసపోతాం. ఒక లెక్క అనుకుందాం. 300 ఆర్డర్లకు 24 వెనక్కి వచ్చాయి. అందులో పనిచేయడం లేదని వచ్చినవి 9. వాటిని తెరిచి ఎర్ర బటన్ నొక్కితే 5 తిరిగాయి. వీడియో ఆపగలిగేది ఆ 5 మాత్రమే. దారిలో పగిలిన జార్లు, మనసు మార్చుకున్నవాళ్లు, నిజంగా చెడిపోయిన మోటార్లు వీడియోతో తగ్గవు. వీడియో పెట్టాక వచ్చిన దాదాపు 300 ఆర్డర్లలో ఆ రకం ఎన్ని వచ్చాయో చూడాలి, అది కూడా రిటర్న్ వచ్చిన తేదీ ప్రకారం కాదు, ఆర్డర్ పెట్టిన తేదీ ప్రకారం. లేకపోతే వీడియో చూడకముందు కొన్నవాళ్ల రిటర్న్‌లు ఈ లెక్కలో కలిసిపోతాయి. ఆ రోజుల్లో ధర, మొదటి ఫొటో మార్చకండి, పండగ ఆఫర్ల నెలను మామూలు నెలతో పోల్చకండి. సంఖ్యలు చిన్నవి కనుక ఒక్క నెలకే తేల్చేయకుండా ఇంకో 300 ఆర్డర్లు చూడటం నయం. అప్పటికీ ఆ 5 అలాగే ఉంటే తిరిగి వచ్చిన పెట్టెలు మళ్లీ తెరవండి. జార్ అడుగున ఎండినది పిండి కాకుండా అల్లం పీచో కొబ్బరో అయితే, తర్వాత తీయాల్సిన వీడియో దాని గురించే.