ప్యానల్ మీద 0.96, బిల్లులో 0.71: కెపాసిటర్ ప్యానల్ కొనే ముందు నా కథ చదవండి

విజయనగరంలో మాది చిన్న వర్క్‌షాపు. ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు, షెడ్ల పని చేస్తాం. ఒక లేత్, ఒక షీరింగ్ మిషన్, కంప్రెషర్, డ్రిల్లింగ్, పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ సెట్లు రెండు, అంతే. కిందటి ఏడాది కరెంటు బిల్లు తగ్గించుకుందామని 38 వేలు పెట్టి ఆటోమేటిక్ కెపాసిటర్ ప్యానల్ ఒకటి కొన్నాను. రెండు నెలలు అది గోడ మీద దీపాలు వెలిగించుకుంటూ కూర్చుంది తప్ప ఒక్క యూనిట్ తగ్గించలేదు. అమ్మినవాడి పేరు చెప్పను, గొడవ నాకొద్దు. వాడు ఎలా మోసపుచ్చాడో మాత్రం చెబుతాను. ఒకటి కాదు, రెండు చోట్ల దెబ్బ కొట్టాడు.

ముందు అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. మా బిల్లులో యూనిట్లు kWh లెక్కన కాదు, kVAh లెక్కన పడతాయి. మీటరు బటన్ నొక్కుతూ పోతే రెండు అంకెలూ కనిపిస్తాయి. మోటారు, వెల్డింగ్ సెట్టు లాంటివి అయస్కాంతం తయారు చేసుకోవడానికి కొంత కరెంటు లాగి, మళ్లీ వెనక్కి పంపేస్తూ ఉంటాయి. దానితో ఇనుము కోయడం, అతకడం ఏమీ జరగదు. కానీ వైర్లలో తిరుగుతుంది కాబట్టి kVAh లెక్కలోకి వచ్చేస్తుంది. ఇలాంటి బిల్లులో పవర్ ఫ్యాక్టర్ పెనాల్టీ అని వేరే లైను ఏదీ కనిపించదు. పెనాల్టీ యూనిట్ల లోపలే కూర్చుని ఉంటుంది. మూడేళ్లు నాకూ తెలియలేదు. నాకు పెనాల్టీ లేదని నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

మా మేనల్లుడు ఐటీఐ ఎలక్ట్రికల్ చదివాడు. సిరిమాను పండక్కి వచ్చినప్పుడు బిల్లు చూసి, "మావయ్యా, నువ్వు వాడింది 3,980, కట్టింది 5,610 యూనిట్లకి" అన్నాడు. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 0.71. అదే మా పవర్ ఫ్యాక్టర్. అది 0.95కి వస్తే అదే పనికి 4,190 యూనిట్లు పడేవి. అంటే నెలకి 1,420 యూనిట్లు ఊరికే పోతున్నాయి. పన్నులతో కలిపి నాకు యూనిట్ ఏడున్నర దాకా పడుతుంది, కాబట్టి నెలకి పది వేలు దాటింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేనల్లుడు పండగ అయ్యాక ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వాడు మళ్లీ వచ్చేదాకా ఆగి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు. ఫోన్‌లో ప్రకటన చూసి ఒకణ్ణి పిలిచాను. ఆ అయస్కాంతం కరెంటుని మీటరు అవతల నుంచి లాగకుండా షాపులోనే ఇచ్చేది కెపాసిటర్, దాని బలాన్ని కేవీఏఆర్‌లలో కొలుస్తారు. వాడు వచ్చి, బిల్లు చూసి, లెక్క వేసి 15 కేవీఏఆర్ ప్యానల్ కావాలన్నాడు. లెక్క తప్పు కాదు. మా షాపు నడిచే సగటు లోడు 20 కిలోవాట్లు. 0.71 నుంచి 0.95కి రావాలంటే కిలోవాట్‌కి 0.66 చొప్పున 13 కేవీఏఆర్ కావాలి. 15 చాలు. పైగా ఒకేసారి ఎంత లోడు లాగుతామో దాని మీద పడే డిమాండు ఛార్జీ కూడా సగానికి సగం పడిపోతుందని మాటిచ్చాడు. ప్యానల్ బిగించి, డిస్‌ప్లే మీద 0.96 చూపించి, "చూడండి సార్" అన్నాడు. చూశాను. డబ్బులిచ్చేశాను.

మర్నెల బిల్లు వచ్చింది. వాడింది 4,020, పడింది 5,660. మళ్లీ 0.71. ఫోన్ చేస్తే, "మా ప్యానల్ 0.96 చూపిస్తోంది కదా సార్, మీ మీటరు స్లో అయ్యుంటుంది" అన్నాడు. మీటరు స్లో అయితే యూనిట్లు తగ్గాలి గదా నాయనా! ఆ తరువాతి నెలా అంతే. అప్పటికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు. ప్యానల్ ముందు నిలబడి, షీరింగ్ మిషన్ ఆన్ చెయ్యమన్నాడు. చేశాను. "ఏమైనా వినబడిందా?" అన్నాడు. లేదన్నాను. "అదే రోగం. లోడు పడగానే లోపల కెపాసిటర్‌ని కలిపే కాంటాక్టర్ ఠక్‌మని లాగాలి. కొన్నప్పటి నుంచి ఇది ఒక్కసారి కూడా లాగినట్టు లేదు" అన్నాడు.

సంగతి ఏమిటంటే, ప్యానల్‌లో కెపాసిటర్లని వేసి, తీసే రిలేకి షాపు పవర్ ఫ్యాక్టర్ తెలియాలంటే మెయిన్ వైరు చుట్టూ సీటీ అనే చిన్న రింగు వేస్తారు. ఆ రింగు ఏ ఫేజు మీద ఉండాలో రిలే బొమ్మలో రాసి ఉంటుంది, ఎందుకంటే రిలే మిగతా రెండు ఫేజుల వోల్టేజీతో పోల్చి లెక్క కడుతుంది. అమ్మినవాడు ఆర్ ఫేజు మీద వేయాల్సినదాన్ని వేరే ఫేజు మీద, అదీ తిరగేసి వేశాడు. దానితో కోణం 60 డిగ్రీలు జరిగిపోయింది. మా నిజం కోణం 45 డిగ్రీల వెనకబాటు. 60 జరిగేసరికి అది 15 డిగ్రీల ముందంజ అయి కూర్చుంది. పదిహేను డిగ్రీలకి అంకె దాదాపు 0.96. అంకె అందంగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రిలే కూడా, ఇక్కడ కెపాసిటర్లు ఎక్కువే ఉన్నాయనుకుని ఒక్కటీ వేయలేదు. డిస్‌ప్లేలో 0.96 ముందు చిన్న మైనస్ గుర్తు ఉంది. రెండు నెలలూ అది నా కళ్ల ముందే ఉంది.

మేనల్లుడు మెయిన్ ఆపి, రింగుని సరైన ఫేజుకి, సరైన దిక్కుకి మార్చాడు. రింగు మీటరు వైపు, అంటే షాపు లోడుకీ ప్యానల్‌కీ రెండింటికీ ముందు ఉండాలని కూడా చెప్పాడు. ప్యానల్ దాటాక వేస్తే కెపాసిటర్ చేసిన పని రిలేకి కనబడదు. మళ్లీ మిషన్లు వేస్తే ఠక్, ఠక్, ఠక్. ప్రాణం లేచొచ్చింది.

ఆ నెల బిల్లు 4,050కి 4,600. పవర్ ఫ్యాక్టర్ 0.88. తగ్గింది గాని, లెక్క ప్రకారం 0.95 దాటాలి. మూడు కెపాసిటర్లూ లాగుతున్నాయి, మరి మిగతాది ఎక్కడ పోయింది?

ఈసారి మేనల్లుడు ఫోన్‌లోనే చెప్పాడు: మన వైరింగ్ మేస్త్రిని పిలిచి, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో ఒక్కో కెపాసిటర్ వైరు పట్టించు అని. 415 వోల్టుల మీద ఒక కేవీఏఆర్‌కి 1.4 ఆంపియర్ల చొప్పున లాగాలి. మావి ఒక్కొక్కటీ 5 కేవీఏఆర్ కాబట్టి 7 రావాలి. వచ్చింది 4.3. మూడూ అంతే. ఒకటి తక్కువ వస్తే చెడిపోయిందనుకోవచ్చు, మూడూ ఒకేలా తక్కువ రావడమేంటి? లేబుల్ ఫోటో తీసి పంపమన్నాడు. పంపాను. 5 కేవీఏఆర్ అని పెద్దక్షరాలు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో 525 V.

దెబ్బ నంబర్ రెండు ఇదే, ఎక్కువమందికి తగిలేదీ ఇదే. కెపాసిటర్ బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 525 దగ్గర 5 ఇచ్చేది మన 415 దగ్గర ఎంతిస్తుందో ఇలా చూడాలి:

```
5 × (415/525) × (415/525) = 3.1
```

మూడూ కలిపి 15 అని అమ్మినది నిజానికి 9.4 మాత్రమే. 525 రేటింగువి దొంగ సరుకేమీ కాదు. ముందు రియాక్టర్ అనే తీగ చుట్ట పెట్టే ప్యానళ్లలో వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి అక్కడ వాడతారు. డ్రైవ్‌లు, ఇన్వర్టర్ మిషన్లు ఎక్కువ ఉన్న షాపులకి అలాంటిది కావాలి కూడా. మాకు రియాక్టరూ లేదు, అవసరమూ లేదు. అయినా అవే పెట్టాడు. నా బిల్లు మీద '15 కేవీఏఆర్ ప్యానల్' అని మాత్రమే ఉంది, ఏ వోల్టేజీ దగ్గరో రాయలేదు. అందుకే వాణ్ణి అడగడానికి నా దగ్గర కాగితం లేదు.

440 వోల్టుల రేటింగువి మూడు తెప్పించి మార్పించాను, ఆరు వేలు అయింది. ఇవి 415 దగ్గర ఒక్కోటి 4.45 ఇస్తాయి, టాంగ్ టెస్టర్‌లో 6.2 చూపించాయి. తరువాతి బిల్లు 3,900కి 4,110. అంటే 0.95. వెల్డింగ్ సెట్లు రెండేసి ఫేజుల మీదే నడుస్తాయి, రిలే చూసేది ఒక్క ఫేజునే. అందుకని మేస్త్రి ఆ రెండు సెట్లనీ వేర్వేరు ఫేజుల జతలకి మార్చాడు. ఎంత చేసినా మా లాంటి షాపులో 0.99 రాదు, దానికోసం ఇంకో పది వేలు తగలేయకండి.

ఇక డిమాండు సగమవుతుందన్న మాట సంగతి. అది శుద్ధ అబద్ధం. మీ బిల్లులో డిమాండు kWలో ఉందా, kVAలో ఉందా చూసుకోండి. kVA అయితే పవర్ ఫ్యాక్టర్ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. kW అయితే ఎన్ని కెపాసిటర్లు పెట్టినా కదలదు. మాది kW. కాంట్రాక్టు 30 కిలోవాట్లు, ఆ ఏడాది ఒక నెల 33 నమోదై అదనంగా కట్టాను. మీటరు డిమాండుని అరగంట సగటుగా చూస్తుంది, కొన్ని మీటర్లలో పావుగంట. నెల మొత్తంలో అతి పెద్ద సగటు ఏదో అదే నిలబడిపోతుంది. మోటారు స్టార్టింగులో రెండు క్షణాలు ఎగిరే కరెంటుకి భయపడక్కర్లేదు, సగటులో అది కరిగిపోతుంది. మా 33 ఎలా వచ్చిందంటే, ట్రాలీ ఆర్డరు తొందరలో షీరింగ్, కంప్రెషర్, రెండు వెల్డింగులు, లేత్ ఒక మధ్యాహ్నం ఏకధాటిగా నడిచాయి. ఇప్పుడు రేకుల కోత పొద్దున్నే పూర్తి చేసి, ఆ తరువాతే రెండో వెల్డింగు మొదలుపెడుతున్నాం. మా కుర్రాళ్లు మొదట విసుక్కున్నారు, పని మాత్రం ఎక్కడా ఆగలేదు. ఆ తరువాత 28 దాటలేదు, దానికి పైసా ఖర్చు కాలేదు.

కాబట్టి ప్యానల్ కొనేవాళ్లు కొటేషన్ మీద 'ఇన్ని కేవీఏఆర్, 415 వోల్టుల దగ్గర' అని రాయించుకోండి. బిగించిన రోజే మిషన్లు వేసి ఠక్ చప్పుడు వినండి, మీ మేస్త్రితో ఆంపియర్లు పట్టించండి. వాళ్ల డిస్‌ప్లే కాదు, కరెంటు మీటరులో ఉదయం, సాయంత్రం kWh, kVAh రెండూ రాసుకుని తేడాలు భాగించండి. ఒక్క రోజులోనే తేలిపోతుంది, నెల బిల్లు దాకా ఆగక్కర్లేదు. సగం డబ్బు ఆ లెక్క అయ్యాకే ఇవ్వండి. ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బాల జోలికి అసలు పోకండి, ఆ బుల్లి కెపాసిటర్ మన షాపు లోడులో ఏ మూలకీ రాదు. ఇంకోటి, కెపాసిటర్‌ని స్విచ్ ఆపిన వెంటనే ముట్టుకోకండి, లోపల ఛార్జి ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగాక కూడా మేస్త్రి టెస్టు చేసి చెప్పాకే చెయ్యి పెట్టండి.

నేనిప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున ఆ మూడింటి ఆంపియర్లు ప్యానల్ తలుపు లోపల సుద్దతో రాయిస్తున్నాను. మొన్న మూడోది 6.2 నుంచి 5.4కి దిగింది. అది వారంటీలోనే ఉంది, ఈసారి కాగితం నా దగ్గర ఉంది.