ఫోటో చూపిస్తే బేరింగ్ నంబరు చెప్పే ఇమేజ్ సెర్చ్: చాలాకాలం వాడిన తరువాత

ఫోన్‌లోని ఇమేజ్ సెర్చ్‌ను నేను చాలాకాలంగా, ముఖ్యంగా ఇంట్లో పాడైన యంత్రాల విడిభాగాలను వెతకడానికి వాడుతున్నాను. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే అయినా అది చిన్నది కాదు. ఫోటో స్పష్టంగా ఉన్నా, మసకగా ఉన్నా, వస్తువు సగమే కనిపిస్తున్నా, అది ఒకే ధీమాతో ఫలితాలను వరసగా పేర్చి చూపిస్తుంది. ఈ ఫోటోతో తేల్చడం కుదరదన్న మాట నాకు ఇంతవరకు అందులో కనిపించలేదు.

మిక్సీ జారు కింద అరిగిపోయిన కప్లర్, ఫ్యాన్ కండెన్సర్ వంటివి దీని సాయంతో సులువుగా దొరికినప్పుడు బంధువులందరికీ గట్టిగా సిఫారసు చేశాను. ఆ ఫోటోలను ఇప్పుడు మళ్లీ చూస్తే, దాదాపు అన్నింటిలోనూ కంపెనీ పేరో, మోడల్ నంబరో, విలువలు ముద్రించిన లేబులో కనిపిస్తోంది. అంటే అప్పట్లో నాకు ఉపయోగపడింది ఎక్కువగా అక్షరాలు చదివే నేర్పే. అక్షరాలు కనిపించనప్పుడు ఏమవుతుందో బేరింగ్ విషయంలో తెలిసింది.

నల్గొండ జిల్లాలోని మా అత్తగారి ఊళ్లో, మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారు కీచుమని అరవడం మొదలుపెట్టింది. మెకానిక్ దాన్ని విప్పి, బేరింగ్ పోయిందని, అక్కడ దొరకడం లేదని చెప్పాడు. బావగారు దాన్ని సిమెంటు గచ్చు మీద పెట్టి, పక్కనే స్టీలు స్కేలు ఉంచి, బాగా దగ్గరగా వంగి ఫోటో తీసి పంపారు. గ్రీజు, తుప్పు పట్టి నంబరు కనిపించడం లేదు. ఇమేజ్ సెర్చ్‌కు ఇస్తే తెర నిండా 6204 బేరింగులే వచ్చాయి. ఫోటోలోని స్కేలుతో పోల్చి చూస్తే బయటి వ్యాసం 45 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా, లోపలి రంధ్రం 19కి పైగా వస్తున్నాయి. 6204 కొలతలు 47, 20 కాబట్టి, ఫలితానికి కొలత కూడా దగ్గరగానే ఉన్నట్టు అనిపించింది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు అమ్మే పెద్దాయన మాత్రం ఆ ఫోటో చూసి సరుకు తీయలేదు. "ఈ 62 వరసలో 45 అనే కొలతే లేదు సార్. 6203 అయితే 40 రావాలి, 6204 అయితే 47 రావాలి. మధ్యలో వచ్చిందంటే ఫోటోలోనే తేడా ఉంది. స్కేలును నేల మీద కాదు, బేరింగ్ మీద పెట్టి, కాస్త దూరం నుంచి తీయమని చెప్పండి" అన్నారు.

ఆయన చెప్పినదానిలోని లెక్క చాలా సూటిగా ఉంటుంది. 6203 బేరింగ్ మందం 12 మిల్లీమీటర్లు. ఫోన్‌ను గచ్చుకు 10 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుంటే, గచ్చు మీది స్కేలు కెమెరాకు 100 మిల్లీమీటర్ల దూరంలో, బేరింగ్ పైముఖం 88 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. దగ్గరగా ఉన్నది ఆ మేరకు పెద్దదిగా కనిపిస్తుంది కనుక 40 కాస్తా దాదాపు 45.5గా, 17 కాస్తా 19.3గా కనిపిస్తాయి. అదే అర మీటరు దూరం నుంచి జూమ్ చేసి తీస్తే 40 మిల్లీమీటర్లు 41గానే కనిపిస్తాయి. స్కేలును పైముఖం మీదే అడ్డంగా ఉంచితే ఆ కొద్ది తేడా కూడా పోతుంది. బావగారు అలాగే మళ్లీ తీసి పంపారు. బయటి వ్యాసం 40, లోపలిది 17. ఆ బేరింగ్ 6203.

అసలు స్కేలే లేని ఫోటో అయితే ఈ రెండింటిలో ఏదో చెప్పడం మనిషికైనా, యంత్రానికైనా సాధ్యం కాదు. 6203లో బయటి వ్యాసాన్ని లోపలి వ్యాసంతో భాగిస్తే 2.35 వస్తుంది. 6204లోనూ అంతే వస్తుంది. మందం నిష్పత్తిలో కూడా కంటికి ఆనే తేడా లేదు. అంటే ఒకటి మరొకదానికి పెద్దది చేసిన ప్రతి వంటిదే. ఇంత ఖచ్చితంగా తెలిసిన పరిమితిని వాడుకరికి చెప్పకుండా ఒకే నంబరును తెర నిండా చూపడమే నాకు మింగుడుపడని విషయం. న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. 6203ను 6303 నుంచి వేరు చేయడం దానికి సాధ్యమే. 6303 రంధ్రం కూడా 17 మిల్లీమీటర్లే అయినా బయటి వ్యాసం 47 కాబట్టి, రింగు బొద్దుగా ఉన్నట్టు ఆకారంలోనే తెలిసిపోతుంది.

కొలత తేలినా నంబరు చదవడం మానకూడదు. లోపల బంతులకూ రింగులకూ మధ్య వదులు కొంచెం ఎక్కువగా ఉండే C3 రకాన్ని ఫోటోలో ఆకారాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు, ఆ అక్షరాలు చెక్కి ఉంటేనే తెలుస్తుంది. నంబరు తరచు ఒక ముఖం మీదే ఉంటుంది కనుక రెండు వైపులా ఫోటో తీయాలి. ముందుగా కిరోసిన్ తడిపిన గుడ్డతో గ్రీజును తుడిచి, ఆరనిచ్చి, చెక్కిన చోట చాక్‌పీసు రుద్ది పైపైన తుడిస్తే పొడి గాడుల్లో నిలిచి అంకెలు తెల్లగా తేలతాయి. ఫ్లాష్ వేస్తే మెరిసే ఉక్కు మీద వెలుగు తిరిగి కెమెరాలోకే కొట్టి అంకెలు మాయమవుతాయి. దాన్ని ఆపేసి, మరొకరి చేత టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించినంత కిందుగా పట్టించాలి. అప్పుడు ప్రతి గాడికీ నీడ పడుతుంది. మా బేరింగ్ మీద మొదట గీతల్లా కనిపించినవి ఈ వెలుగులో 6203 అనీ, పక్కనే రెండు వైపులా రబ్బరు మూత ఉందని తెలిపే 2RS అనీ స్పష్టంగా చదవడానికి వచ్చాయి.

అంకెలు చిన్నవి కదా అని ఫోన్‌ను వాటి మీదికి తీసుకుపోతే చాలా ఫోన్లలో ప్రధాన కెమెరాకు ఫోకస్ కుదరదు. ఒక జానెడు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి, అంకెల మీద వేలితో తాకి తీయడం మేలు. రింగు గుండ్రంగా కాక కోలగా కనిపిస్తుంటే ఫోన్ వాలి ఉందని గుర్తించి సరిచేసుకోవాలి. ఊరి నుంచి పంపేవారు దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే కుదించడంలో ఈ సన్నని గీతలే ముందుగా పోతాయి కాబట్టి, డాక్యుమెంటుగా పంపమని చెప్పడం మంచిది.

ఇంత శ్రమపడి నంబరు చదివాక ఇమేజ్ సెర్చ్ ఎందుకని ఎవరైనా అడిగితే, బేరింగుల వరకు నా దగ్గర గట్టి సమాధానం లేదు. నంబరును మామూలుగా టైపు చేసి వెతికినా అదే దొరుకుతుంది. పేరు కూడా తెలియని ప్లాస్టిక్ భాగం చేతికి వచ్చినప్పుడు దాన్ని ఏమంటారో తెలుసుకోవడానికి ఇప్పటికీ మొదట దీన్నే తెరుస్తాను. నేను నగరంలో ఉంటాను, రాణిగంజ్ నాకు దగ్గర, కొలిచి చూసే పెద్దాయన అక్కడ ఉన్నారు. అందుకే దాని ఫలితాన్ని సగం నమ్మినా నాకు పని జరుగుతుంది. ఊళ్లో ఉండి, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, తప్పు సరుకు వస్తే వెనక్కి పంపలేని వారికి మాత్రం, స్కేలు గానీ నంబరు గానీ లేని ఫోటోతో వచ్చిన ఫలితం మీద డబ్బు కట్టమని నేను చెప్పలేను.