టీవీ స్పీకర్లూ సౌండ్‌బారూ కలిపి మోగించే ‘థియేటర్ ఎఫెక్ట్’ కాంబోతో జాగ్రత్త

పండగ ఆఫర్లో టీవీ, సౌండ్‌బార్ కాంబో కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "రెండూ ఒకేసారి మోగుతాయి సార్, హాలంతా థియేటరే" అని చెప్పి అమ్ముతున్నారు. మాకూ అలాగే అమ్మారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఆప్టికల్ కేబుల్ పెట్టి, టీవీ సౌండ్ మెనూలో `TV Speaker + Optical` ఎంచి, మాంచి మాస్ పాట ఒకటి పెట్టి వాల్యూమ్ పెంచి చూపించాడు. అదిరింది. ఫారం మీద సంతకం తీసుకుని వెళ్లిపోయాడు.

రాత్రి నాన్న వార్తలు పెట్టాక బయటపడింది అసలు సంగతి. యాంకర్ చదివే ప్రతి మాటకీ వెనకాలే దాని నీడ ఒకటి వినిపిస్తోంది. "వీడేంట్రా, బావిలో కూర్చుని చదువుతున్నాడా?" అన్నాడు నాన్న. షాపుకి ఫోన్ చేస్తే ముందు "కొత్తది కదా సార్, వాడగా వాడగా సెట్ అవుతుంది" అన్నారు. తర్వాత ఖరీదైన కేబుల్ కొనమన్నారు. చివరికి "రెండింట్లోనూ సౌండ్ వస్తోంది కదా, డిఫెక్ట్ లేదు, రిటర్న్ అవదు" అని తేల్చేశారు. వాడితే సర్దుకునేది ఇందులో ఏమీ లేదు, కేబుల్ మారిస్తే పోయేదీ కాదు. డిఫెక్ట్ లేదన్న మాట మాత్రం నిజమే. అమ్మిన పద్ధతిలోనే ఉంది లోపం.

టీవీ తన స్పీకర్లకి శబ్దం నేరుగా ఇచ్చుకుంటుంది. సౌండ్‌బార్‌కి మాత్రం ఆప్టికల్ కేబుల్ గుండా డిజిటల్‌గా పంపుతుంది. బార్ దాన్ని అందుకుని, విప్పి, బేస్ అనీ సరౌండ్ అనీ తన హంగులన్నీ అద్ది అప్పుడు మోగిస్తుంది. ఆ పనికి కొంత సమయం పడుతుంది. టీవీ తనే శబ్దాన్ని డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే డాల్బీ ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, ఒక్కో ముక్కలో 32 మిల్లీసెకన్ల శబ్దం పడుతుంది, ఆ ముక్క నిండేదాకా టీవీ ఆగాలి. ఇక బార్‌ని బ్లూటూత్‌తో కలిపితే 100 నుంచి 200 మిల్లీసెకన్ల వెనకబాటు మామూలే.

మాటల విషయంలో, రెండు శబ్దాల మధ్య తేడా సుమారు 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే చెవి రెండింటినీ ఒకటిగానే కలిపేసుకుంటుంది. 50 దాటిందంటే రెండుగా వినిపించడం మొదలవుతుంది. పాటకి చెవి ఇంకాస్త ఓర్చుకుంటుంది, అందులోనూ హోరున మోగే పాటైతే తేడా పట్టుకోవడం కష్టం. డెమోకి ఎప్పుడూ పాటే ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. మీరు మాత్రం వార్తలు పెట్టించండి, లేదా చప్పట్లు కొట్టే వీడియో ఏదైనా.

మా ఇంట్లో తేడా ఎంతో నేనే కొలిచాను. ఒక్క చప్పట ఉన్న వీడియో టీవీలో పెట్టి, సోఫాలో కూర్చుని ఫోన్లో రికార్డు చేసి, ఆ ఫైల్ని కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. చప్పట ఒక్కటే అయినా తెర మీద రెండు ముళ్లు లేచాయి, మధ్యలో ఎడం 90 మిల్లీసెకన్లు. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి, బార్‌ని టీవీకి 31 మీటర్లు వెనక, అంటే వీధి చివర పెట్టి విన్నదాంతో సమానం ఇది. టీవీలో డిజిటల్ సౌండ్ ఔట్‌పుట్‌ని డాల్బీ నుంచి, శబ్దాన్ని కుదించకుండా పంపే `PCM`కి మారిస్తే 50 దగ్గరికి దిగింది. నీడ పలచబడింది గానీ పోలేదు.

కస్టమర్ కేర్‌వాళ్లు చెప్పే లిప్ సింక్ బటన్ సంగతి కూడా చెప్పాలి. రిమోట్‌లో ఉండే ఆ బటన్ బార్ శబ్దాన్ని ఆలస్యం చేయగలదంతే, ముందుకి తేలేదు. ఇక్కడ బార్ ఇప్పటికే వెనకబడి ఉంది, పెంచినకొద్దీ ఎకో ఇంకా ముదురుతుంది. దాన్ని సున్నాలోనే ఉంచండి. కొన్ని టీవీల్లో టీవీ స్పీకర్లని విడిగా ఆలస్యం చేసే ఏర్పాటు ఉంటుంది. దాంతో రెండింటినీ కలపొచ్చు, కానీ డాల్బీ సినిమాకి కుదిర్చింది మామూలు ఛానెల్‌కి కుదరదు. రెండు మూడు మిల్లీసెకన్ల తేడా మిగిలినా ఎకో వినిపించదు గానీ, కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు డొల్లగా వస్తుంది.

కాబట్టి రెండింట్లో ఒకటే మోగాలి. దానికి సులువైన దారి హెచ్‌డీఎంఐ. టీవీ వెనక అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ పనికిరావు, పక్కన `ARC` లేదా `eARC` అని రాసి ఉన్నదాంట్లోనే పెట్టాలి. మెనూలో సీఈసీ, అంటే టీవీ, బార్ ఒకదానికొకటి కబురు పంపుకునే ఏర్పాటు, ఆన్ చేయాలి. దాన్ని సామ్‌సంగ్ `Anynet+` అంటుంది, ఎల్‌జీ `SIMPLINK` అంటుంది, సోనీ `BRAVIA Sync` అంటుంది. అన్నీ ఒకటే. ఇది ఆన్‌లో ఉంటే బార్ వెలగగానే టీవీ స్పీకర్లు వాటంతటవే ఆగిపోతాయి, బార్ ఆపితే మళ్లీ పలుకుతాయి. ఆప్టికల్ కేబుల్‌కి ఈ కబురు మోసే శక్తి లేదు, అందుకే అక్కడ టీవీ స్పీకర్లని మెనూలోకి వెళ్లి మనమే ఆపాలి.

కాంబోల్లో అంటగట్టే చౌక టీవీలు కొన్నింట్లో ఆ ఆపే ఆప్షనే ఉండదు. అప్పుడు టీవీ వాల్యూమ్ సున్నాకి దించి బార్ రిమోట్‌తో పెంచుకోండి. అలా చేస్తే బార్ కూడా మూగబోయిందంటే ఆ టీవీలో ఆప్టికల్ శబ్దం కూడా వాల్యూమ్‌తో పాటే తగ్గుతోందన్నమాట. అలాంటప్పుడు హెడ్‌ఫోన్ రంధ్రంలో ఊరికే ఒక హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చి చూడండి. చాలా టీవీల్లో స్పీకర్లు ఆగి ఆప్టికల్ మాత్రం నడుస్తుంది. చూడ్డానికి బాగోదు, పని జరుగుతుంది.

నిజంగానే రెండూ కలిసి మోగే ఏర్పాట్లు లేకపోలేదు. సామ్‌సంగ్‌లో `Q-Symphony`, ఎల్‌జీలో `WOW Orchestra` లాంటివి అందుకే ఉన్నాయి. అక్కడ ఆలస్యాన్ని టీవీయే లెక్కగట్టి సరిచేస్తుంది. కానీ టీవీ, బార్ రెండూ అదే కంపెనీవై, రెండు మోడళ్లలోనూ ఆ సదుపాయం ఉండాలి. షాపువాడు రెండు వేరే కంపెనీల సరుకు జతచేసి "కలిసి మోగుతాయి" అంటే నమ్మకండి. బిల్లు వేయకముందే ఆ రెండు మోడల్ నంబర్లూ కంపెనీ సైట్లో కొట్టి చూడండి.

ఒక్కోసారి ఇది తిరగబడి కూడా వస్తుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, అదే బాక్స్ నుంచి బార్‌కి విడిగా ఇంకో కేబుల్ లాగితే, టీవీ బొమ్మని చక్కదిద్దుకునే లోపు దానికి తగ్గట్టు తన శబ్దాన్నీ ఆపి ఉంచుతుంది, బార్ ముందే పలికేస్తుంది. ఏది ముందో తెలియాలంటే ఒక చెవి టీవీకి ఆనించి, ఇంకొకర్ని బార్ మ్యూట్ చేస్తూ తీస్తూ ఉండమనండి. బార్ ముందుంటే అప్పుడు లిప్ సింక్ బటన్ పనికొస్తుంది. లేదంటే బాక్స్ నుంచి బార్‌కి వెళ్లే కేబుల్ పీకేసి, బార్‌ని టీవీ `ARC` పోర్టుకే కలపండి.